పొగ రాకుండానే పాడయ్యే నూనె

వేపుళ్లకు ఏ నూనె మంచిదని అడిగితే చాలామంది చూసేది ఒక్క అంకెనే. ఎన్ని డిగ్రీల దగ్గర నూనె పొగలు కక్కడం మొదలవుతుందో చెప్పే అంకె అది. దాన్నే స్మోక్ పాయింట్ అంటారు. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనెకు, రిఫైన్డ్ వేరుశనగ నూనెకు అది సుమారు 230 డిగ్రీలు. గారెలు వేగడానికి 170, 180 డిగ్రీల వేడి చాలు. ఈ లెక్కన రెండు నూనెలూ సమానమే. మూకుడులో మాత్రం సమానం కావు.

పండగ పూట ఒకే పిండిని రెండు మూకుళ్లలో, ఒకదాంట్లో పొద్దుతిరుగుడు నూనె, రెండోదాంట్లో వేరుశనగ నూనె పోసి వేయిస్తున్నారనుకుందాం. మొదటి వాయి రెండింట్లోనూ ఒకేలా వస్తుంది. గారె వేయగానే పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. అది పిండిలోని నీరు ఆవిరై పోవడం. గారె తీయగానే బుడగలు ఆగిపోతాయి. వాయి మీద వాయి వేస్తూ, మిగిలిన నూనెనే మర్నాడు చేగోడీలకు వాడితే తేడా బయటపడుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో ముందుగా సన్నని నురుగు మొదలవుతుంది. అది మూకుడు అంచుల దాకా పాకుతుంది, పిండి తీసేసినా వెంటనే అణగదు. నూనె చిక్కబడుతుంది. మూకుడు అంచున పసుపుపచ్చని జిగురు కట్టి, ఎంత తోమినా వదలదు. ఇంత జరిగినా పొగ ఇంకా రాకపోవచ్చు.

దీనికి కారణం నూనెలోని కొవ్వు ఆమ్లాలు. పొద్దుతిరుగుడు నూనెలో సాధారణంగా దాదాపు 60 శాతం లినోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని అణువులో రెండు చోట్ల జంట బంధాలుంటాయి. ఆ రెండింటి మధ్యనున్న భాగం గాలిలోని ఆక్సిజన్‌కు తేలిగ్గా దొరికిపోతుంది. వేరుశనగ నూనెలో లినోలిక్ సుమారు 30 శాతమే. సగానికి దగ్గరగా ఉండే ఓలిక్ ఆమ్లంలో జంట బంధం ఒక్కటే కనుక అది చాలా ఎక్కువసేపు తట్టుకుంటుంది. ఆక్సిజన్ పట్టిన అణువులు కొన్ని తెగి ఘాటు వాసననిస్తాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ఆ జిగురవుతాయి. పామాయిల్ ఇంకా నిలకడైనదే. కాకపోతే అందులో సగం దాకా సంతృప్త కొవ్వే కాబట్టి రోజూ వాడమని నేను చెప్పను.

పిండిలోని నీరు కూడా నూనెను విడగొడుతుంది. అలా విడిపడిన కొవ్వు ఆమ్లాలు పెరిగేకొద్దీ పొగ వచ్చే వేడి కిందికి దిగుతుంది. అంటే సీసా కొన్నప్పటి 230 వాడిన నూనెకు వర్తించదు. పాడైన నూనెలో పోగయ్యే పదార్థాలు, అంటే టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని దేశంలో ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. అది 2018 జూలై నుంచి అమల్లో ఉంది. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు కాబట్టి అణగని నురుగు, జిగురు, ముక్కవాసన, మామూలు మంట మీదే ముందుగా వచ్చే పొగ, వీటిలో ఏది కనిపించినా ఆ నూనె పారేయాల్సిందే. మాడిన పిండి రేణువులను వాయి వాయికీ జల్లి గరిటెతో తీసేసి, చల్లారాక వడకడితే నూనె మరికొంత నిలుస్తుంది. పాత నూనెలో కొత్తది కలిపితే కొత్తదీ త్వరగా చెడుతుంది.

పొగ అంకె నిజంగా పనికొచ్చేది తాలింపులో. మూకుడులో నూనె ఎక్కువ, పైగా తడి పిండి ఎప్పటికప్పుడు వేడిని తగ్గిస్తుంటుంది. పోపు గరిటెలో రెండు చెంచాల నూనె మాత్రం కాస్త పరాకుగా ఉంటే చాలు, పొగ దాకా వెళ్లిపోతుంది. కళ్లు మండించే ఆ పొగలో అక్రోలీన్ ఉంటుంది. ఆవాలు ముందు, ఎండుమిర్చి, కరివేపాకు తర్వాత పడాలి. ఆవాలు చిటపటమనగానే మంట తగ్గించాలి. ఇదంతా నిమిషం పని కాబట్టి ఇక్కడ నిలకడ సమస్య రాదు, రుచిని బట్టి నూనె ఎంచుకోవచ్చు. నెయ్యి 250 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వెన్నలో నీరు, పాల పదార్థం ఉండడం వల్ల అది 150 దగ్గరే మాడుతుంది. వేపుళ్లు వేసిన నూనెను పోపుకు వాడే అలవాటుంటే, వడకట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

ఇక పొయ్యి ఎక్కని వాటికి, అంటే కందిపొడి అన్నంలో కలుపుకునే నూనెకు, కీరా ముక్కల సలాడ్‌కు, పొగ అంకెతో పనే లేదు. గానుగ నువ్వుల నూనె ఇక్కడే తన రుచి చూపిస్తుంది. అందులో లినోలిక్ 40 శాతానికి పైనే ఉన్నా త్వరగా ముక్కిపోదు. సెసమిన్, సెసమోలిన్ లాంటి పదార్థాలు దాన్ని కాపాడతాయి. ఆవకాయకు పప్పు నూనె వాడడానికి రుచితోపాటు ఇదీ ఒక కారణమే. దాన్ని చిన్న సీసాలో కొని, పొయ్యి పక్కన కాకుండా వెలుతురు తగలని అరలో బిగుతుగా మూతపెట్టి ఉంచితే చాలు.