థర్మామీటరు చెప్పనిది

రెండున్నరేళ్ల పిల్లాడు అనుకుందాం. బరువు పన్నెండు కిలోలు. సాయంత్రం దాకా ఆడుకున్నవాడు రాత్రి ఎనిమిదింటికి అమ్మ ఒళ్లో ముడుచుకుపోయాడు. వణుకుతున్నాడు. చేతులు, కాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి, నుదురు మాత్రం కాలుతోంది. నానమ్మ ఇంకో దుప్పటి కప్పమంటోంది. నాన్న తడిగుడ్డ వేయమంటున్నాడు. ఇద్దరిలో ఎవరు చెప్పింది చెయ్యాలో తేల్చుకోవాలంటే ఆ సమయంలో పిల్లాడి ఒంట్లో ఏం జరుగుతోందో తెలియాలి.

మన మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ఒంటి వేడిని 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 98.6 ఫారన్‌హీట్ దగ్గర నిలిపి ఉంచే పని దానిదే. గదిలో ఏసీని 24 దగ్గర పెట్టినట్టు, అది కూడా ఒక అంకె పెట్టుకుని ఒళ్లు దానికంటే వేడెక్కితే చెమట పట్టిస్తుంది, చల్లబడితే వణికిస్తుంది. ఏదైనా వైరస్సో బాక్టీరియానో ఒంట్లోకి చొరబడితే తెల్ల రక్తకణాలు దాన్ని పసిగట్టి రక్తంలోకి కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో హైపోథాలమస్ దగ్గరి రక్తనాళాల్లో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం తయారవుతుంది. దాని పని ఒక్కటే, ఆ అంకెను పైకి జరపడం. 37 ఉన్నచోట 39.5 పెడుతుంది.

ఇక మన పిల్లాడి ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంది, మెదడు 39.5 కావాలంటోంది. అంటే వాడి లెక్క ప్రకారం వాడు చలిలో ఉన్నాడు. అందుకే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. చేతులు, కాళ్లు చల్లబడేది ఇందుకే. కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. ఒళ్లు 39.5 చేరగానే వణుకు ఆగుతుంది, అప్పుడు ఒళ్లంతా ఒకేలా వేడిగా ఉంటుంది. తర్వాత మందు వల్లనో, రోగం తగ్గుముఖం పట్టడం వల్లనో అంకె మళ్లీ కిందికి దిగినప్పుడు ముఖం ఎర్రబడి చెమటలు పోస్తాయి. చలి, వేడి, చెమట అని మనం చూసే మూడు దశలూ ఒకే పనికి మూడు ముఖాలు.

ఇది తెలిస్తే నాన్న చెప్పిన తడిగుడ్డ సంగతి తేలిపోతుంది. మెదడులో అంకె 39.5 దగ్గరే ఉండగా పైనుంచి చన్నీళ్లు, ఐసు పెడితే ఒళ్లు ఇంకా గట్టిగా వణికి ఆ వేడిని తిరిగి తెచ్చుకుంటుంది. పిల్లాడు ఏడుస్తాడు, జ్వరం మాత్రం ఎక్కడికీ పోదు. నానమ్మ దుప్పటి వణుకుతున్నంతసేపు పలచగా కప్పితే హాయినిస్తుంది, వణుకు ఆగాక తీసేయాలి. పారాసిటమాల్ మాత్రం ప్రోస్టాగ్లాండిన్ తయారీనే తగ్గిస్తుంది, అంకెను దించుతుంది. అందుకే ఆ మందు పనిచేసిన అరగంట, గంటలో చెమట పడుతుంది. రోగాన్ని అది తాకదు. నాలుగైదు గంటల్లో మందు ప్రభావం అయిపోగానే జ్వరం మళ్లీ వస్తే మందు పనిచేయలేదని కాదు, లోపల యుద్ధం ఇంకా నడుస్తోందని.

ఇంత శ్రమపడి ఒళ్లు తనను తాను ఎందుకు వేడెక్కించుకుంటుంది? దీనికి నాకు నచ్చిన సాక్ష్యం ఒక ఎడారి తొండది. మాథ్యూ క్లూగర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1975లో ప్రచురించిన ప్రయోగం అది. తొండలకు మనలా లోపలినుంచి వేడి పుట్టించుకునే శక్తి లేదు, వేడి కావాలంటే వేడిగా ఉన్న చోటికి వెళ్లాల్సిందే. బాక్టీరియా ఎక్కించిన ఎడారి ఇగువానాలను వేర్వేరు వేడిలో ఉంచి చూస్తే, 42 డిగ్రీల దగ్గర ఉన్నవి చాలావరకు బతికాయి, చల్లటి చోట ఉంచినవి చచ్చిపోయాయి. వేడిలో చాలా క్రిములు నెమ్మదిగా పెరుగుతాయి, మన రక్షణ కణాలు చురుగ్గా కదులుతాయి. కోట్ల ఏళ్లుగా జంతువులు ఈ పద్ధతిని వదలకుండా మోసుకొస్తున్నాయంటే దానితో లాభం ఉండే ఉంటుంది.

దానికి ఖర్చూ ఉంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెరిగినకొద్దీ ఒంటికి పదో వంతు పైగా అదనపు శక్తి కావాలి, గుండె, ఊపిరి వేగం పెరుగుతాయి, నీరు ఎక్కువగా ఆవిరైపోతుంది. కాబట్టి జ్వరం వచ్చిన బిడ్డకు లంఖణం పెట్టడం తప్పు. అన్నం వద్దంటే బలవంతం చేయనక్కర్లేదు గానీ పాలు, గంజి, మజ్జిగ, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పడుతూనే ఉండాలి. పాలు తాగే బిడ్డకైతే తల్లిపాలు మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వాలి.

జ్వరం పెరిగి పెరిగి మెదడు కాలిపోతుందనే భయం చాలామందిలో ఉంది. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరంలో పగ్గాలు హైపోథాలమస్ చేతిలోనే ఉంటాయి, అది సాధారణంగా 41 దాటనివ్వదు. మెదడును దెబ్బతీసేది వడదెబ్బ. మే నెల ఎండలో ఆగి ఉన్న కారులో మూసిపెట్టిన బిడ్డకు మెదడులోని అంకె మారదు, బయటి వేడే ఒంటిని ఎక్కించేస్తుంది. అక్కడ పారాసిటమాల్ పనికిరాదు. అక్కడ మాత్రం వెంటనే నీళ్లు పోసి, గాలి ఆడించి చల్లబరచాలి, 108కి ఫోన్ చేయాలి.

మళ్లీ మన పిల్లాడి దగ్గరికి వద్దాం. మందు ఎంత ఇవ్వాలి? పారాసిటమాల్ ఒక మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పన్నెండు కిలోలకు 150 మిల్లీగ్రాములు సరిపోతుంది. ఇక్కడే ఇళ్లలో పొరపాట్లు జరుగుతాయి. షాపులో దొరికే సిరప్పుల్లో ఒకటి ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది, ఇంకొకటి 250ది. మొదటిదైతే మనవాడికి ఆరు మిల్లీలీటర్లు, రెండోదైతే మూడే. పసిపిల్లల డ్రాప్స్ ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి, అవి ఒకటిన్నర చాలు. సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవాలి, వంటింటి చెంచాతో కొలవకూడదు, సీసాతో వచ్చిన కప్పుతోనో సిరంజితోనో కొలవాలి. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు. రోజుకు నాలుగు మోతాదులు మించితే కాలేయానికి ముప్పు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు వారికి వాడకుండా మన దేశం 2011లోనే నిషేధించింది, పాత సీసాలు అలమరాలో ఉంటే పారేయండి.

మందు వేసిన గంటకు థర్మామీటరు 103 నుంచి 101కి దిగింది. అసలు చూడాల్సింది అప్పుడే మొదలవుతుంది. జ్వరం కాస్త తగ్గాక పిల్లాడు లేచి బొమ్మ అడిగాడా? నీళ్లు తాగాడా? పిలిస్తే మన కళ్లలోకి చూస్తున్నాడా? అలా ఉంటే లోపల చిన్న వైరస్సే ఉండే అవకాశం ఎక్కువ. అంకె దిగినా లేవకుండా వేలాడిపోతుంటే, పిలిచినా పలకకపోతే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరినీ అప్పుడే లెక్కపెట్టాలి. చొక్కా పైకెత్తి పూర్తిగా ఒక నిమిషం చూడాలి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లలకు నిమిషానికి 40, ఏడాదిలోపు వారికి 50 సార్లు గానీ అంతకు మించి గానీ పీల్చడం, డొక్కలెగరేయడం న్యుమోనియా గుర్తులు కావచ్చు. మెడ వంచలేకపోవడం, ఒంటిపై ఎర్రటి మచ్చలు గాజుగ్లాసుతో నొక్కినా మాయం కాకపోవడం, ఆగని వాంతులు, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం కూడా తెల్లారేదాకా ఆగాల్సినవి కావు.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్లకు ప్రాణం పోయినట్టుంటుంది. చాలావరకు అవి ఐదు నిమిషాల్లోపే ఆగిపోతాయి, మెదడుకు హాని చేయవు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు పెట్టకూడదు. చేతిలో తాళంచెవి పెట్టినా ఏమీ మారదు. ఐదు నిమిషాలు దాటితే 108. మొదటిసారి వచ్చినప్పుడైతే ఆగిపోయినా డాక్టరుకు చూపించాల్సిందే, ఎందుకంటే మెదడువాపు కాదని వాళ్లే తేల్చాలి. జ్వరం మందు ముందుగా వేసినంత మాత్రాన ఫిట్స్ రాకుండా ఆగవు, ఈ విషయంలో తల్లిదండ్రులు తమను తాము నిందించుకోనక్కర్లేదు.

అంకె ఒక్కటే చాలు, మరేమీ చూడక్కర్లేదు అనే సందర్భం ఒకటుంది. మూడు నెలలలోపు పసికందు. 38 డిగ్రీలు, అంటే 100.4 వచ్చిందంటే, బిడ్డ నవ్వుతున్నా పాలు తాగుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ వయసులో రక్తంలో, మూత్రంలో, మెదడు పొరల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి ఏమీ కనిపించకపోవచ్చు. ఇంట్లో మందు వేసి చూద్దామని ఆగడం ప్రమాదం. నెలలోపు శిశువుల్లో ఒళ్లు చల్లబడిపోవడం, పాలు పట్టకపోవడం కూడా అంతే తీవ్రం.

ఇంకో సందర్భంలో అంకె మనల్ని మోసం చేస్తుంది. అది డెంగీ. వానలు మొదలయ్యాక మన పల్లెల్లో, పట్టణాల్లో ఏటా చూసేదే. మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగిపోతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే కొందరు పిల్లల రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది. ఈ దశలో చేతులు, కాళ్లు చల్లబడితే అది జ్వరం ఎక్కుతున్న చలి కాదు, షాక్ మొదలవుతోందని గుర్తు. కడుపునొప్పి, వాంతులు, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం, విపరీతమైన చిరాకు లేదా మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఇంట్లో ఎదురుచూడకూడదు. సెలైన్ ఎంత, ఎంత వేగంగా ఎక్కించాలో నిర్ణయించేటప్పుడు డాక్టర్లు ప్లేట్‌లెట్ల కంటే ముందు రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీని, నాడిని, బీపీని చూస్తారు. డెంగీ అనుమానం ఉన్నంతకాలం పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, మెఫెనామిక్ యాసిడ్ ఇవ్వకూడదు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఆసుపత్రి చేరగానే మొదట కనిపించిన నర్సుకు మూడు మాటలు చెప్పండి: జ్వరం ఏ రోజు మొదలైంది, ఎప్పుడు దిగింది, బిడ్డ చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు.