సాయంత్రం తనంతట తానే నిండే హాజరు పట్టిక

బడి సమన్వయకర్త ఉపాధ్యాయులకు పంపే ఈ లేఖలో అసలు కబురు ఒకటే: హాజరు లెక్క ఇకపై ఆఫీసుకు విడిగా ఇవ్వనక్కర్లేదు. తరగతి గూగుల్ షీట్‌లో వేసిన హాజరును ఒక స్క్రిప్టు రోజూ సాయంత్రం చదివి డాష్‌బోర్డులో చేరుస్తుంది. ఆరింటికని పెట్టినా అది ఆరుకూ ఏడుకూ మధ్య ఎప్పుడైనా నడవొచ్చు. దిద్దుబాట్లు ఆరులోపే ముగించాలి.

చిక్కంతా ఖాళీ గడులతోనే. 40 మంది తరగతిలో 36 మందికి P, ముగ్గురికి A వేసి, ఒక గడి వదిలేశారనుకుందాం. 36ను 40తో భాగిస్తే 90 శాతం. గుర్తు పడిన 39 మందితోనే భాగిస్తే 92 దాటుతుంది. బడికి రాని పిల్లవాడు అలా లెక్కలోంచే జారిపోతాడు, ఇంటికి ఫోనూ వెళ్లదు. అందుకే ఖాళీలను విడిగా చూపాలి.

ట్యాబు పేరు మార్చితే స్క్రిప్టుకు అది దొరకక, నిన్నటి అంకెలే మిగిలిపోవచ్చు. డాష్‌బోర్డు పైన చివరిసారి మారిన తేదీ, సమయం ఉంటే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది.