జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదా?



ఏడో తరగతి చదివే ఒక అమ్మాయిని ఊహించుకోండి. వైరల్ జ్వరం తగ్గి మూడు వారాలైంది. ముక్కు దిబ్బడ లేదు. అయినా లంచ్ బాక్స్ సగం అలాగే ఇంటికి వస్తోంది. అడిగితే "చారులో పులుపు, ఉప్పు తప్ప ఇంకేమీ తెలియడం లేదమ్మా" అంటోంది. ఇది మారాం అనిపించవచ్చు కానీ, అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకకు తెలుస్తాయి. ఇంగువ, జీలకర్ర, కరివేపాకుల 'రుచి' మాత్రం చాలావరకు నమిలేటప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కులోకి చేరే వాసనే. అంటే ఆ అమ్మాయికి తగ్గింది నాలుక రుచి కాదు, వాసన.

వాసన ఎందుకు పోతుంది?

వాసనను పట్టే నాడీకణాలు ముక్కు లోపల పైభాగంలో ఒక పలుచని పొరలో ఉంటాయి. మామూలు జలుబులో గాలి అక్కడిదాకా చేరదు కాబట్టి వాసన తెలియదు. ముక్కు తెరుచుకుంటే తిరిగి వస్తుంది. కొన్ని వైరస్‌లు మాత్రం ఆ పొరనే దెబ్బతీస్తాయి. అప్పుడు ముక్కు తేటగా ఉన్నా వాసన రాదు. ఈ కణాలు మళ్లీ పుట్టగలవు. అందుకే చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది.

ఇంట్లో చూసేటప్పుడు ఒక పొరపాటు

చాలామంది నొప్పి బామ్ లేదా కర్పూరం చూపించి, పిల్లలు "తెలుస్తోంది" అనగానే నిశ్చింతగా ఉంటారు. వాటి ఘాటును, చల్లదనాన్ని మరో నాడి కూడా గ్రహిస్తుంది. వాసన పూర్తిగా పోయినవారికీ అవి తెలుస్తాయి. కళ్లు మూయించి కాఫీ పొడి, కమలా తొక్క, సబ్బు వంటివి ఒక్కొక్కటిగా చూపించడం మేలు.

ఈఎన్‌టీ వైద్యులు ముందుగా ముక్కు లోపల పరీక్షించి అలర్జీ, సైనస్, అడినాయిడ్ వాపు వంటి కారణాలు లేవని నిర్ధారించుకుంటారు. తర్వాత వాసనల పెన్నులతో పరీక్ష చేయవచ్చు. ఎంత పలుచని వాసన తెలుస్తుంది, రెండు వాసనల మధ్య తేడా తెలుస్తుందా, అది దేని వాసనో చెప్పగలరా అని మూడు విషయాలు చూస్తారు. ఒక్కోదానికి 16 చొప్పున మొత్తం 48 మార్కులు. పిల్లలకు ఇంతకంటే చిన్న పరీక్షలు ఉన్నాయి. ఎప్పుడూ చూడని వస్తువు వాసనను పిల్లలు గుర్తించకపోతే అది లోపం కాదని గుర్తుంచుకోవాలి.

వాసన శిక్షణ ఎలా?

2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ అనే నాలుగు వాసనలతో 12 వారాల శిక్షణను పరీక్షించింది. శిక్షణ తీసుకున్నవారిలో కొందరికి వాసన మెరుగైంది.

ఆ అమ్మాయి ఇంట్లో ఇలా చేయవచ్చు. మూత ఉన్న నాలుగు చిన్న గాజు సీసాల్లో దూది పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో నూనె కొన్ని చుక్కలు వేసి, పేరు అంటించాలి. ఉదయం, రాత్రి ఒక్కో సీసాను దాదాపు 20 సెకన్లు మెల్లగా వాసన చూడాలి. గట్టిగా పీల్చనక్కర్లేదు. మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వాలి. వాసన చూస్తున్నప్పుడు దానిని గుర్తుచేసుకోమనాలి: లవంగమైతే బిర్యానీ, నిమ్మ అయితే పులిహోర. కనీసం మూడు నెలలు మానకుండా చేయాలి. నూనెల వాసన తగ్గితే మార్చాలి. నూనె చర్మానికి తగలకూడదు. సీసాలు చిన్నపిల్లలకు అందకూడదు. యూకలిప్టస్ నూనె మింగితే ప్రమాదం.

ఈ శిక్షణ అందరికీ పనిచేస్తుందని చెప్పలేం. కొంత మెరుగుదల దానంతట అదే కూడా వస్తుంది. అయినా సరిగ్గా చేస్తే పెద్దగా ఇబ్బంది లేని పద్ధతి కాబట్టి వైద్యులు దీన్ని సూచిస్తారు.

మధ్యలో కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు కుళ్లినట్టో మాడినట్టో అనిపించవచ్చు. కణాలు కోలుకునే దశలో ఇది తరచుగా కనిపించేదే. అలాంటప్పుడు బలవంతంగా తినిపించకండి. పెరుగన్నం వంటి వేడి లేని, తాలింపు ఘాటు లేని ఆహారం బాక్సులో పెట్టండి.

ఎప్పుడు ఆగకూడదు?

తలకు దెబ్బ తగిలాక వాసన పోయినా, ఒకే ముక్కు రంధ్రం నుంచి దుర్వాసనతో స్రావం వస్తున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. రెండోది చిన్నపిల్లల్లో ముక్కులో ఏదో ఇరుక్కుందనడానికి గుర్తు కావచ్చు. వాసన తిరిగి వచ్చేదాకా గ్యాస్ లీకైనా, పాలు విరిగినా ఆ బిడ్డకు తెలియదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు స్టవ్ వెలిగించనివ్వకండి.