మందకు ఒక్క పొట్టేలు

ముప్పై గొర్రెల మందలో ఒక గొర్రె గొడ్డుబోతే ఒక పిల్ల తగ్గుతుంది. పొట్టేలులో లోపముంటే ఆ ఏడు ఈతలే ఉండవు. అయినా మన పల్లెల్లో విత్తనపు పొట్టేలును చూసుకునేది జత కట్టే కాలం వచ్చాకే. అప్పటికే ఆలస్యమైపోతుంది, ఎందుకంటే పొట్టేలులో వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. జూలైలో కట్టించాలంటే మేత మే నెలలోనే మొదలవ్వాలి. సరిగ్గా బీళ్లు ఎండిపోయే రోజులవి. మేపుకు తోడు రోజుకు 300 నుంచి 400 గ్రాముల దాణా చాలు: సగం జొన్న లేదా మొక్కజొన్న నూక, మిగతా సగం వేరుశనగ చెక్క, తవుడు, దానికి చిటికెడు ఖనిజ లవణ మిశ్రమం. దాణా కొద్దికొద్దిగా పెంచాలి. తవుడు మితిమీరితే మూత్రంలో రాళ్లు కడతాయి. మధ్యాహ్నం నీడ తప్పనిసరి, ఎండదెబ్బకు వీర్యం చెడుతుంది. నీలినాలుక జ్వరం నుంచి కోలుకున్న పొట్టేలు పైకి బాగానే కనిపించినా, రెండు నెలల దాకా నమ్మకూడదు.

మందలో వదిలే ముందు వృషణాలను చేత్తో పట్టి చూడాలి. రెండూ ఒకే పరిమాణంలో, బిగువుగా, సంచిలో సులువుగా కదలాలి. మెత్తబడినా, అడుగున గడ్డ తగిలినా పశువైద్యుడికి చూపించాలి.

అసలు పరీక్ష మందలోనే జరుగుతుంది. అరుగులకు పూసే జాజును నూనెలో కలిపి, రెండు మూడు రోజులకోసారి పొట్టేలు రొమ్ముకు పూస్తే, అది ఎక్కిన గొర్రె నడుముపై ఎర్ర మరక పడుతుంది. గొర్రెకు సుమారు 17 రోజులకోసారి ఎద వస్తుంది కాబట్టి, పదిహేడో రోజున రంగు మార్చాలి. ఎర్ర మరక పడ్డ పాతిక గొర్రెల్లో నాలుగైదింటికే కొత్త రంగు అంటితే ఫరవాలేదు. ఇరవైకి అంటితే పొట్టేలు ఎక్కుతోంది గానీ చూలు నిలవడం లేదన్నమాట. అప్పుడే మార్చితే ఆ ఏడు దక్కుతుంది.

ఇక వావి సంగతి. జూలైలో కట్టించిన గొర్రెలు డిసెంబరులో ఈనుతాయి. మరుసటి జూలైకి ఆ ఆడపిల్లలకు ఏడు నెలలు, కొన్నిటికి అప్పుడే ఎద మొదలవుతుంది. రెండో ఏడూ అదే పొట్టేలును ఉంచితే, కూతుళ్లను వేరే దొడ్లో కట్టాల్సిందే. మూడో ఏడు దాన్ని ఉంచనే కూడదు. తండ్రీకూతుళ్ల కలయికలో పిల్లలు బరువు తక్కువగా పుడతాయి, ఎక్కువగా చనిపోతాయి. బలిసిన పోతుపిల్లలన్నీ కటికవాళ్లకు అమ్మి, మిగిలినదాన్ని విత్తనానికి ఉంచుకోవడం ఇంకా పెద్ద నష్టం: వావీ కలుస్తుంది, ఎదుగుదలా పోతుంది.

పక్క మందతో మార్చుకోవడం చవకైన దారి. కానీ వాళ్ల పొట్టేలు మీ మందలో పుట్టినదేనేమో ముందు అడగాలి. తెచ్చినదాన్ని మూడు వారాలు విడిగా కట్టి, బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించాకే మందలో వదలాలి.