12 వారాల తర్వాత మళ్లీ అదే పరీక్ష

మూడో నెల నిండకముందే వరుసగా మూడుసార్లు గర్భం పోయిన ఒక మహిళ ఉందనుకుందాం. ఆమెకు లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్ అనే మూడు రక్తపరీక్షలు చేయిస్తారు. ఒకటి పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉందని తేల్చేయరు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి పోతాయి. అందుకే కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చూస్తారు. ఎదురుచూడటం కష్టమే, కానీ ఆ రెండో పరీక్షను వదలకూడదు.

మళ్లీ గట్టిగా పాజిటివ్ వస్తే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమే. ఈ యాంటీబాడీలు మాయను సరిగా ఎదగనివ్వవు, అందులో రక్తం గడ్డకట్టేలా చేస్తాయి. అందుకే రోజూ తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర ఇస్తారు. గర్భం నిర్ధారణయ్యాక దానికి తోడు పొట్ట చర్మం కింద హెపారిన్ ఇంజెక్షన్ మొదలుపెడతారు. హెపారిన్ మాయను దాటి బిడ్డను చేరదు. సూది గుచ్చినచోట చర్మం కమలడం మామూలే. ఇతర రక్తస్రావం కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. కాన్పుకు ముందు హెపారిన్ ఆపి, తర్వాత మళ్లీ కొన్ని వారాలు ఇస్తారు.