ఇంటర్వ్యూ లిఖిత ప్రతి నుంచి మూల్యాంకన నోట్ రాయడం

ఇంటర్వ్యూ చేసేది ఇద్దరయినా, ఎంపికపై నిర్ణయం తీసుకునే కమిటీలో నలుగురైదుగురు ఉంటారు. ఇంటర్వ్యూ సమయంలో గదిలో లేని సభ్యులకు అభ్యర్థి గురించి తెలిసేది మీరు రాసే ఒక పేజీ నోట్ ద్వారానే. నలభై నిమిషాల రికార్డింగును అక్షరాల్లో పెడితే పదిహేను పేజీలకు పైగా రావచ్చు. దాన్ని ఎలా కుదించాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

మందుల పంపిణీ సంస్థ గిడ్డంగిలో స్టోర్స్ అసిస్టెంట్ ఉద్యోగం అనుకోండి. ప్రకటనలో అడిగిన అర్హతలు మూడు: స్టాకు రికార్డుల నిర్వహణ, గడువు తేదీల పరిశీలన, కంప్యూటర్‌లో బిల్లింగ్. ప్రతిని చదవడానికి ముందే ఈ మూడింటినీ ఒక కాగితంపై శీర్షికలుగా రాసుకోండి. జవాబులను ఇంటర్వ్యూలో వచ్చిన వరుసలో కాకుండా ఈ శీర్షికల కింద సర్దాలి. పన్నెండో నిమిషంలో చెప్పిన మాట, ముప్ఫయ్యో నిమిషంలో చెప్పిన మాట ఒకే అర్హతకు చెందినవి కావచ్చు. వరుసగా కుదించుకుంటూ పోతే ఆ రెండూ కలవవు.

ఇప్పుడు ప్రతిలోని ఈ భాగం చూడండి.

ప్రశ్న: రికార్డుకూ సరుకుకూ తేడా ఎప్పుడైనా వచ్చిందా?
జవాబు: వచ్చిందండీ. రికార్డు కంటే నలభై పెట్టెలు ఎక్కువున్నాయి. రెండు రోజులు కూర్చుని చూశాం. వాపసు వచ్చిన సరుకును రికార్డులో ఎక్కించలేదని తేలింది.
ప్రశ్న: చూశాం అంటే, మీరేం చేశారు?
జవాబు: బిల్లులన్నీ నేను తీసి సరిచూశాను. వాపసు చీటీని మాత్రం మా సీనియర్ గారు పట్టుకున్నారండీ.

దీన్ని ‘స్టాకు సమస్యల పరిష్కారంలో నిపుణుడు’ అని రాసేవారున్నారు. ‘సొంతంగా సమస్యను పరిష్కరించలేరు’ అని రాసేవారూ ఉన్నారు. రెండూ రాసినవారి అభిప్రాయాలే. అభ్యర్థి ఏం చేశాడో రెండింటిలోనూ లేదు. ఇలా రాయవచ్చు: ‘40 పెట్టెల తేడా వచ్చినప్పుడు బిల్లులను తానే సరిచూశారు. కారణాన్ని గుర్తించింది సీనియర్. అడిగినప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పారు (12–14 నిమిషాలు).’ నిమిషాలు వేస్తే, అనుమానం వచ్చిన సభ్యుడు రికార్డింగులో ఆ చోటికి నేరుగా వెళ్లగలడు. ‘చూశాం’, ‘చేశాం’ అనే బహువచన క్రియల దగ్గర ఎప్పుడూ ఆగండి. తెలుగులో వినయం కొద్దీ ‘మేం’ అనేవారుంటారు, పక్కవారి పనిని తనదిగా చెప్పుకునేవారూ ఉంటారు. అనుబంధ ప్రశ్న అడగకపోతే, ‘ఎవరు చేశారో స్పష్టం కాలేదు’ అని రాయడమే న్యాయం.

గడువు తేదీల గురించి అడిగితే అభ్యర్థి, ‘ముందొచ్చిన సరుకు ముందు పంపుతాం’ అన్నాడు. ‘తర్వాత వచ్చిన సరుకుకే గడువు ముందు ముగిస్తే?’ అని సభ్యుడు అడిగాక, ‘అయితే గడువు ముందు ముగిసేదే పంపాలండీ’ అని సరిదిద్దుకున్నాడు. మందుల విషయంలో సరైన పద్ధతి ఈ రెండోదే. కుదించేటప్పుడు సభ్యుడి ప్రశ్నను వదిలేస్తే, ఈ జవాబు అభ్యర్థికి ముందే తెలిసినట్టు కనిపిస్తుంది. మొదటి జవాబు ఒక్కటే రాస్తే అసలు తెలియనట్టు కనిపిస్తుంది. ‘సూచన అందాక సరైన జవాబు ఇచ్చారు’ అని రాయండి.

సమతూకం అంటే రెండు మంచి మాటలకు రెండు లోపాలు వెతికి పెట్టడం కాదు. ప్రతిలో లోపమే కనిపించకపోతే లేదనే రాయాలి. జాగ్రత్త పడవలసింది మరొక చోట. ఒక మంచి లక్షణం మిగతా అన్నిటిపైనా వెలుగు ప్రసరింపజేయడాన్ని హాలో ప్రభావం అంటారు. పై అధికారులు తమ కింది సైనికాధికారులకు వేసిన అంచనాల్లో ఈ ధోరణి ఉందని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో చూపారు. మన అభ్యర్థి ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడితే, రికార్డుల నిర్వహణ కూడా బాగా వచ్చని అనిపించవచ్చు. యాసలో తడబడుతూ మాట్లాడితే, ‘ఆత్మవిశ్వాసం తక్కువ’ అనే మాట కలం కొసకు వస్తుంది. గిడ్డంగి పనికి ఆ రెండూ అర్హతలు కావు గనుక నోట్‌లోకి రాకూడదు. మాటల్లో దొర్లిన ఊరు, కులం, పెళ్లి సంగతులూ అంతే.

ప్రతిని పూర్తిగా నమ్మకండి. ‘చేశాను’, ‘చేయలేదు’ వంటి మాటలు, అంకెలు తప్పు పడే అవకాశం ఉంది. నిర్ణయం ఏ వాక్యంపై ఆధారపడుతుందో ఆ వాక్యాన్ని రికార్డింగులో ఒకసారి వినండి.

ఇక బిల్లింగ్ శీర్షిక కింద ఖాళీ మిగిలింది. ప్రతి అంతా వెతికితే ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని తెలుస్తుంది. అక్కడ ‘పరిజ్ఞానం లేదు’ అని రాస్తే అభ్యర్థికి అన్యాయం జరుగుతుంది. ‘అడగలేదు, రెండో విడతలో అడగాలి’ అని రాసి, మార్కుల గడిని ఖాళీగా వదిలేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ‘మా షాపులో లెక్కలన్నీ మేమే చూసుకునేవాళ్లం, ఎప్పుడూ తేడా రాలేదు’ అనే జవాబుకు, అనుబంధ ప్రశ్న లేదనుకుని, రెండు వాక్యాల నోట్ రాయండి.