డెమోలు మూడొందలు, వాడుతున్న షాపులెన్ని?

1979 చివర్లో ఇంటెల్ కంపెనీకి పెద్ద చిక్కొచ్చి పడింది. తమ 8086 చిప్ కన్నా మోటరోలా వాళ్ల 68000 మేలని కొనేవాళ్లే అంటున్నారు. సేల్స్‌వాళ్లు ఎక్కడికెళ్లినా ఇదే మాట. దాంతో ఇంటెల్ 'ఆపరేషన్ క్రష్' పేరుతో రంగంలోకి దిగింది. సెమినార్లు పెట్టారు, ప్రకటనలిచ్చారు, సాంకేతిక వ్యాసాలు అచ్చువేయించారు. అయితే సేల్స్ టీమ్ ముందు పెట్టిన లెక్క వీటిలో ఏదీ కాదు. ఏడాదిలో 2,000 'డిజైన్ విన్'లు రావాలన్నారు. అంటే కొనే కంపెనీ ఇంజనీర్లు తాము కొత్తగా తయారుచేసే యంత్రంలో ఇంటెల్ చిప్పే పెట్టాలని నిర్ణయించుకోవాలి. సేల్స్‌మన్ ఒక్కొక్కరికీ నెలకు సుమారు ఒకటి పడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ లెక్క దాటిపోయింది. అలా ఇంటెల్ వైపు వచ్చిన కంపెనీల్లో ఐబీఎం ఉంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఉన్నది 8086 కుటుంబంలోని 8088 చిప్పే.

ఓకేఆర్ పద్ధతి పుట్టింది కూడా ఆ ఇంటెల్‌లోనే. ఆండీ గ్రోవ్ దాన్ని 1970లలో అక్కడ నడిపాడు. అక్కడ పనిచేసిన జాన్ డోయర్ 1999లో గూగుల్‌కి పట్టుకెళ్లాడు. అందులో రెండే భాగాలు. ఈ మూడు నెలల్లో ఎక్కడికి చేరాలన్నది ఆబ్జెక్టివ్. చేరామని ఏ అంకెలు చూసి నమ్మాలన్నది కీ రిజల్ట్స్. ఇంత తేలికైన పద్ధతి మన సేల్స్ టీముల్లో ఎక్కువగా బెడిసికొట్టేది రెండో భాగంలోనే. కీ రిజల్ట్ రాయమంటే చేయాల్సిన పనుల పట్టిక రాసేస్తారు.

ఒక ఉదాహరణ కట్టుకుని చూద్దాం. గుంటూరు, విజయవాడల్లో మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఆరుగురి టీమ్ అనుకోండి. ఏడాదికి 12,000 రూపాయలు. ఆ మేనేజరు క్వార్టర్ మొదట్లో ఇలా రాశాడు: అమ్మకాలు పెంచాలి, రోజుకు మనిషికి 20 ఫోన్లు, మొత్తం 300 డెమోలు, వారానికోసారి ప్రతి లీడ్‌కీ ఫాలోఅప్. మూడు నెలలు పోయాక అన్నీ ఆకుపచ్చ రంగులో మెరుస్తున్నాయి. డెమోలు 300 పూర్తి. డబ్బు కట్టిన షాపులు మాత్రం 60. కట్టిన నెల తర్వాత చూస్తే, రోజువారీ బిల్లులన్నీ అందులోనే వేస్తున్నవి 33. మిగతా 27 షాపుల్లో పాత బిల్లుపుస్తకమే నడుస్తోంది. వచ్చే ఏడాది ఆ షాపులు రెన్యువల్ చేస్తాయని ఎవరూ అనుకోనక్కర్లేదు.

టీమ్‌ది బద్ధకం అనలేం. అడిగింది అడిగినట్టు చేసి పెట్టారు. డెమోల్ని లెక్కపెడతామంటే డెమోలే వస్తాయి. కొనే ఉద్దేశం లేని షాపులోనూ, ఓనరు లేనప్పుడు కౌంటర్లో కుర్రాడికీ చూపించేస్తారు. అదీ ఒక డెమోయే కదా!

నేను చూసే మొదటి విషయం ఒకటే: ఆ వాక్యంలో పని చేసేది ఎవరు? ఫోన్ చేసేది మనం, డెమో ఇచ్చేది మనం, కొటేషన్ పంపేది మనం. అవన్నీ మన శ్రమ. డబ్బు కట్టేది షాపు ఓనరు, రోజూ బిల్లు వేసేది ఆయన, మళ్లీ కట్టేదీ ఆయనే. కీ రిజల్ట్‌లో కనపడాల్సింది ఆయన. మనవాళ్లు అన్నీ చేసి కూడా ఆయన కదలకుండా ఉండే వీలుంటే, అది ఫలితం కింద రాయకూడదు.

ఈ లెక్కన తర్వాతి క్వార్టర్‌కి తిరగరాస్తే ఆబ్జెక్టివ్ ఇలా ఉంటుంది: 'మన దగ్గర కొన్న మెడికల్ షాపు మనది లేకుండా కౌంటర్ తెరవలేని స్థితికి రావాలి.' మొదటి కీ రిజల్ట్: డబ్బు కట్టిన 30 రోజుల్లోపు బిల్లులన్నీ మన సాఫ్ట్‌వేర్‌లోనే వేసే కొత్త షాపులు 33 నుంచి 50కి చేరాలి. రెండోది: ఐదు డెమోలకు ఒక అమ్మకం అవుతున్నది నాలుగింటికి ఒకటి కావాలి. మూడోది కాపలా లాంటిది: షాపుకు సగటు ధర 11,000 కంటే తగ్గకూడదు. ఇది లేకపోతే క్వార్టర్ చివరి వారంలో డిస్కౌంట్లు గుప్పించి మొదటి రెండూ సాధించేయొచ్చు. ఒక అంకెను పెంచమన్నప్పుడు దానివల్ల చెడిపోయే అంకెను కూడా పక్కనే పెట్టి చూడమని గ్రోవ్ తన పుస్తకంలో గట్టిగానే చెప్పాడు.

ఐదో వారం వచ్చింది. డబ్బు కట్టినవి 24, వాడుతున్నవి 9. పాత పట్టికలో అయితే ఈ అంకె అసలు కనపడేదే కాదు. మేనేజరు మిగతా 15 షాపులకూ మనుషుల్ని పంపాడు. ఒక ఓనరు ఉన్నమాట చెప్పేశాడు: "సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది తమ్ముడూ. నా షాపులో మూడు వేల రకాల మందులున్నాయి. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, ఎమ్మార్పీ అన్నీ ఎవరు ఎక్కిస్తారు? నాకు కౌంటర్ వదిలి లేచే టైమే లేదు." 15లో 11 షాపులది ఇదే గోల. స్టాక్ ఎక్కలేదు, కాబట్టి బిల్లు పడలేదు.

ఇక్కడే పని మారింది. డెమోలు తగ్గించుకుని, డబ్బు కట్టిన ప్రతి షాపులో ఒక రోజు కూర్చుని, డిస్ట్రిబ్యూటర్ల ఇన్‌వాయిస్ ఫైళ్ల నుంచి స్టాక్ ఎక్కించి రావాలని నిర్ణయించారు. క్వార్టర్ ముగిసేసరికి డెమోలు 240కి పడిపోయినా, నాలుగింటికి ఒకటి చొప్పున 60 అమ్మకాలు నిలబడితే చాలు. వాటిలో 50 వాడితే లక్ష్యం చేరినట్టే. 300 డెమోలే కీ రిజల్ట్ అయివుంటే ఈ నిర్ణయం తీసుకునే ధైర్యం ఏ మేనేజరుకీ ఉండేది కాదు.

డెమోలు, ఫోన్లు వదిలేయమని కాదు నేననేది. అవి వారం ప్లాన్‌లో ఉండాలి, రోజూ లెక్క చూడాలి. కానీ ఫలితం కదలనప్పుడు వాటిని మార్చుకునే స్వేచ్ఛ ఉండాలి. ఓకేఆర్‌లో పెడితే ఆ స్వేచ్ఛ పోతుంది.

కస్టమర్ పేరు వాక్యంలో ఉన్నంత మాత్రాన ఫలితం అయిపోదు కూడా. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది చొప్పున ఖాతాలు, కార్డులు ఉండాలని సిబ్బందిని తరిమింది. చూడ్డానికి అది కస్టమర్ అంకే. కానీ ఖాతా తెరవడం ఉద్యోగి చేతిలో ఉంది. చాలామంది కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచేశారు. దీనికి 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అందుకే ప్రతి కీ రిజల్ట్‌నీ ఇంకోసారి అడగాలి: కస్టమర్‌కి తెలియకుండా మనవాడు ఈ అంకె పెంచగలడా? పెంచగలిగితే, కస్టమర్ దాన్ని వాడాడా, దానికి డబ్బు కట్టాడా అన్నదాకా వెళ్లాలి. ఇన్సెంటివ్‌ను నేరుగా ఈ అంకెకు ముడిపెడితే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. డోయర్ ఓకేఆర్‌ల్నీ జీతభత్యాల్నీ వేరుగా ఉంచమనేది అందుకే.

ఒక చిక్కు నిజంగానే మిగులుతుంది. అదే టీమ్ మెడికల్ షాపులు వదిలి పెద్ద ఆసుపత్రులకు అమ్మబోతే, ఒక్క సంతకానికి తొమ్మిది నెలలు పట్టొచ్చు. క్వార్టర్‌లో చూపడానికి అమ్మకమే ఉండదు. అప్పుడు కూడా డెమోల దగ్గరకు వెనక్కి పోనక్కర్లేదు. ఆసుపత్రివాళ్లు తమ సమయమో, డబ్బో, పరువో పెట్టి వేసే మధ్య అడుగుల్ని లెక్కించాలి. మనం కొటేషన్ పంపాం అంటే లెక్కలోకి రాదు. వాళ్ల ఫార్మసీ ఇన్‌చార్జ్ అసలు కొనుగోళ్ల డేటా ఇచ్చి, ఒక కౌంటర్లో నెల రోజులు ట్రయల్ నడిపితే వస్తుంది. పర్చేజ్ కమిటీ అజెండాలో మన పేరు ఎక్కితే వస్తుంది. ఈ క్వార్టర్‌లో అలాంటి ట్రయల్స్ నాలుగు నడవాలని రాసుకుంటే, మూడో నెలలో ఒక్కటే నడుస్తున్నప్పుడు ఏ ఆసుపత్రి దగ్గర, ఎవరి బల్ల మీద ఫైలు ఆగిందో కనుక్కోవడానికి ఇంకా టైముంటుంది.